బాగుందిగారి రెండో అభిప్రాయం

ఆ ఫ్యాక్టరీలో ఆయన అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా కనిపించదు. గేటు దగ్గర వాచ్‌మన్ మొదలుకొని పైఅంతస్తులో కూర్చునే పెద్దాయన వరకు అందరికీ ఆయన బాగుందిగారే. ఎవరేం చూపించినా ఆయన నోటి నుంచి వచ్చే మాట అదొక్కటే. కొత్త చొక్కా వేసుకొచ్చి నిలబడితే బాగుంది. సెలవు చీటీ రాసి చూపిస్తే బాగుంది. క్యాంటీన్ వాడు నిన్నటి టీ వేడిచేసి పోసి ఎలా ఉందని అడిగినా, ఒక గుటక వేసి, మొహం ఏమాత్రం మార్చకుండా బాగుందనేవారు.

ఇంతా చేసి ఆయన ఉద్యోగం ఏమిటంటే తప్పులు పట్టడం. అల్మరా తలుపులకు బిగించే కీళ్ళూ, బిళ్ళలూ రేకును గుద్ది కోసే ప్రెస్సుల మీద తయారై ఆయన గదిలోకి పెట్టెల్లో వచ్చేవి. తెల్లటి ట్యూబ్‌లైటు కింద పొడుగాటి బల్ల, కొలత పరికరాలు, ఒక చిన్న డబ్బాలో ఎర్ర రంగు, అందులో కుచ్చు అరిగిపోయిన బ్రష్షు. వెంట్రుకవాసి తేడా ఉన్నా బిళ్ళ మీద ఎర్ర చుక్క పడేది. ఆ చుక్క పడ్డాక పెద్దాయన చెప్పినా దాన్ని తిరిగి పెట్టెలో వేయనిచ్చేవారు కాదు. ఇనుముతో ఇంత నిక్కచ్చిగా ఉండే మనిషి మనుషుల దగ్గరకొచ్చేసరికి వెన్నలా కరిగిపోవడం చూసి అందరూ నవ్వుకునేవారు. మంచివాడు, ఎవరి మనసూ నొప్పించడు అనేవారు. ఈ మంచితనం సంగతే నాకు మింగుడుపడదు. అసలు కథ వింటే మీకూ పడదు.

ఇరవై రెండేళ్ళ క్రితం ఆయన పేరు బాగుందిగారు కాదు, కత్తెర. అప్పుడే ప్రెస్సు మీద పని వదిలి తనిఖీ గదిలోకి మారారు. డ్రాయింగు సెక్షన్‌లో ఆయనకో ప్రాణస్నేహితుడుండేవాడు. అతను తొలిసారి పెద్దల ముందు మాట్లాడబోతూ, తను తయారుచేసుకున్న కాగితాలు ఒక్కసారి చూసిపెట్టమని ఇచ్చాడు. ఈయన చూశారు. నలభై మూడు తప్పులు పట్టారు. ప్రతిదాని చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, పక్కన అంకె వేసి, మర్నాడు మధ్యాహ్నం క్యాంటీన్‌లో పదిమంది ముందు చేతికిచ్చి, ఒక్కొక్కటీ చదివి వినిపించారు. నలభై మూడూ నిజంగా తప్పులే. నలుగురు నవ్వారు. స్నేహితుడు కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని, ఆ సాయంత్రం కడుపునొప్పి అని చెప్పి మాట్లాడటం మానుకున్నాడు. ఆ తర్వాత పదకొండేళ్ళు, అతను రిటైరయ్యేదాకా, ఇద్దరూ ఒకే వరండాలో ఎదురుపడ్డారు గానీ అతను ఈయనతో ఒక్క మాట మాట్లాడలేదు.

దాన్నుంచి ఆయన నేర్చుకోవాల్సింది, నిజం ఎలా చెప్పాలి అన్నది. నేర్చుకున్నది, నిజం చెప్పకూడదు అని. అలా కత్తెర కాస్తా బాగుందిగారు అయ్యారు.

సేఫ్టీ చూసే అమ్మాయి చేరి, ఈ కథ మొదలయ్యేనాటికి ఎనిమిది నెలలు. తలకంటే పెద్ద హెల్మెట్ పెట్టుకుని, చేతిలో నోటు పుస్తకంతో షెడ్డంతా తిరిగేది. మొదట్లో ప్రెస్సుల మీద మనుషులు ఆమెను చూసి కళ్ళతో సైగలు చేసుకునేవారు. రోజూ అడిగిందే అడిగి, విన్నదే రాసుకుంటుంటే మెల్లగా మాట్లాడటం మొదలుపెట్టారు. అందరికంటే ఎక్కువ మాట్లాడింది నాలుగో ప్రెస్సు మీద ఉండే పొడుగు. ఆరడుగులు దాటిన మనిషి కాబట్టి పేరు అదే స్థిరపడిపోయింది.

మూడు నెలలకోసారి పైఅంతస్తులో మీటింగ్ జరిగేది. ఒక్కో సెక్షన్‌కు పదిహేను నిమిషాలు. ఆ మీటింగ్‌కు ముందు రోజు, మధ్యాహ్నం భోజనాలయ్యాక, ఆ అమ్మాయి లాప్‌టాప్ పట్టుకుని తనిఖీ గదిలోకి వచ్చింది. బల్ల మీద బిళ్ళలు పక్కకు జరిపి, స్టూలు లాక్కుని కూర్చుంది.

“సార్, రేపు ప్రెస్సుల రక్షణ గురించి మాట్లాడాలి. స్లైడ్లు ఒకసారి చూస్తారా? ఎక్కడైనా తేడాగా ఉంటే చెప్పండి. నేనేమీ అనుకోను.”

ఏమీ అనుకోను అనేవాళ్ళు ఎంత అనుకుంటారో ఆయనకు అనుభవమే. కళ్ళజోడు సవరించుకుని చూడటం మొదలుపెట్టారు.

ఇరవై తొమ్మిది స్లైడ్లు. మొదటి పది నిండా చట్టాలూ, నిబంధనలూ, చీమల బారులాంటి అక్షరాలూ. తర్వాత రంగురంగుల గ్రాఫ్, దాని పైన ‘ప్రమాదాలు యాభై శాతం పెరిగాయి’ అని పెద్ద అక్షరాలు. కిందటేడు రెండు, ఈ ఏడు మూడు. అసలు అడగదలుచుకున్నది ఇరవై ఆరో స్లైడ్‌లో ఉంది. ఆరు ప్రెస్సులకూ లైట్ కర్టెన్లు కావాలని. అంటే ప్రెస్సు ముందు కంటికి కనబడని వెలుతురు తెర ఒకటి ఉంటుంది. దాన్ని దాటి చెయ్యి లోపలికి వెళితే ప్రెస్సు టక్కున ఆగిపోతుంది.

బాగుందిగారి చూపు అక్కడ ఆగింది. ఆరింటిలో రెండే కొత్తవి. మిగతా నాలుగూ పాత రకం. వాటి పెడల్ ఒకసారి తొక్కితే పైనున్న బరువు పూర్తిగా కిందికి దిగి, మళ్ళీ పైకి వచ్చేదాకా ఎవరు చెప్పినా ఆగదు. మధ్యలో ఆగలేని యంత్రానికి వెలుతురు తెర కట్టి లాభం లేదు. ఈ సంగతి ఆ ప్రెస్సుల మీద ఏడేళ్ళు పనిచేసిన మనిషికి తెలియక కాదు. మెయింటెనెన్స్ పెద్ద ఒక్క వాక్యంలో ఈ అమ్మాయిని కూర్చోబెట్టేస్తాడనీ తెలుసు. పదిహేను నిమిషాల్లో ఇరవై ఆరో స్లైడ్ దాకా రాదనీ తెలుసు.

ఆమె కళ్ళు ఆయన మొహం మీదే ఉన్నాయి. కళ్ళ కింద నల్లటి చారలు. ఎన్నాళ్ళు కూర్చుని చేసిందో. ఆయనకు మడిచిన కాగితాలు జేబులో పెట్టుకుంటున్న స్నేహితుడి చెయ్యి గుర్తొచ్చింది.

“బాగుంది. చాలా కష్టపడ్డావమ్మా” అన్నారు.

“నిజంగానా సార్?”

“బాగుంది.”

ఆమె మొహం విప్పారింది. లాప్‌టాప్ మూసేస్తూ, “మీరు ప్రెస్సుల మీద చేసినవాళ్ళు. మీరే బాగుందన్నాక నాకింక భయం లేదు సార్” అంది.

మర్నాడు జరిగింది ఆమే వచ్చి చెప్పింది. పదిహేడో స్లైడ్ దగ్గర సమయం అయిపోయింది. “ఇంతకీ ఏం కావాలమ్మా?” అని పెద్దాయన అడిగారు. తడబడుతూ ఇరవై ఆరో స్లైడ్‌కు వెళ్ళింది. మెయింటెనెన్స్ పెద్ద చూసి, “ఆ పాత నాలుగూ మధ్యలో ఆగవు. వాటికి కర్టెన్లేమిటి?” అన్నాడు. ఎవరో నవ్వారు. పూర్తిగా తెలుసుకుని వచ్చే మీటింగ్‌లో చెప్పమని పెద్దాయన తర్వాతి సెక్షన్‌ను పిలిచారు.

“పోనీలే అమ్మా, వచ్చేసారి అవుతుంది” అన్నారు బాగుందిగారు. అప్పుడైనా చెప్పవచ్చు. చెప్పలేదు. ఆమె వెళ్ళిపోయాక ఎర్ర రంగు డబ్బా మూత తీసి పనిలో పడ్డారు.

సరిగ్గా నలభై ఒకటో రోజు, పొద్దున పదకొండు గంటలప్పుడు, నాలుగో ప్రెస్సు చప్పుడు ఆగిపోయింది. రోజంతా చెవుల్లో మోగే చప్పుడు ఆగితేనే ఉలిక్కిపడతాం. రేకు కాస్త వంకరగా కూర్చుందని పొడుగు కుడిచేత్తో సర్దబోయాడు. పాదం పెడల్ మీదే ఉంది, వంగగానే అది నొక్కుకుపోయింది. పెడల్‌కు పైన కప్పు లేదు. బొటనవేలు తప్ప నాలుగు వేళ్ళూ పోయాయి.

అతన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళారు, నేల కడిగారు. మధ్యాహ్నం మూడింటికి, ఎవరు ఆలోచించకుండా పంపారో గానీ, నాలుగో ప్రెస్సు కింద పొద్దున నిండిన పెట్టె తనిఖీ గదికి వచ్చింది. బాగుందిగారు ఒక్కో బిళ్ళా తీసి కొలిచారు. ఒక్కదానిలోనూ తేడా లేదు. పొడుగు పని ఎప్పుడూ అంత శుభ్రంగా ఉంటుంది. కొలవడం అయ్యాక బ్రష్షు తీసుకుని అన్నిటికీ, పెట్టె అడుగుదాకా, ఎర్ర చుక్క పెట్టారు. సూపర్‌వైజర్ వచ్చి అడిగితే బ్రష్షు కడిగి డబ్బా మూత పెట్టారు.

ఇంట్లో వారం రోజులు అన్నం ముందు కూర్చుని లేచిపోయారు. భార్య చూసీ చూసీ ఓ సాయంత్రం టీ గ్లాసు ముందు పెట్టి నిలదీసింది. అంతా చెప్పారు.

“ఆ పిల్లకు చెప్పారా, మీకు ముందే తెలుసని?”

“ఇప్పుడు చెప్పి ఏం లాభం?”

“చెప్పకపోతే మీకు లాభం” అంది ఆవిడ, గ్లాసు తీసుకుని లోపలికి వెళుతూ. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆవిడ వంట మీద కూడా ఆయన అభిప్రాయం ఒకే ఒక్క మాట. ఆ మాట విలువెంతో ఆవిడకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

తర్వాతి మీటింగ్‌కు నాలుగు రోజుల ముందు అమ్మాయి మళ్ళీ వచ్చింది. ఈసారి స్టూలు మీద కూర్చోలేదు. లాప్‌టాప్ బల్ల మీద పెట్టి నిలబడింది.

“ప్రెస్సుల మీద చేసి, తప్పులు పట్టడం కూడా తెలిసినవాళ్ళు మీరొక్కరే కాబట్టి వచ్చాను సార్. ఈసారి బాగుంది అనకండి. అంటే లేచి వెళ్ళిపోతాను.”

“నువ్వింకా కూర్చోనే లేదు కదమ్మా” అన్నారు. ఇద్దరికీ నవ్వు రాలేదు. ఆయన లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చారు. ఎర్ర పెన్ను జేబులోంచి తీసి సొరుగులో పెట్టారు.

“ముందు ఇది చెప్పు. వినేవాళ్ళలో ‘సరే’ అనాల్సింది ఎవరు?”

“పెద్దాయన. మెయింటెనెన్స్ సార్ కాదంటే ఆయన ఒప్పుకోరు.”

“ఎంతసేపు ఇస్తారు?”

“పదిహేను నిమిషాలు.”

“విన్నాక వాళ్ళు చేయాల్సిన పనేమిటి? ఒక్క ముక్కలో చెప్పు.”

ఆ ఒక్క ముక్క ఆమెకు వెంటనే దొరకలేదు. వెతుక్కుని వెతుక్కుని, చివరికి, “పాత ప్రెస్సులు నాలుగూ ఆపేయాలి. వేళ్ళు లోపలికి వెళ్ళకుండా ఏదో ఒకటి చేశాకే మళ్ళీ నడపాలి” అంది.

ఆయన మధ్యలో నోరు మెదపకుండా మొత్తం చూశారు. ఇరవై నాలుగు స్లైడ్లు. చూడటం అయ్యాక వెనక్కి తొమ్మిదో స్లైడ్‌కు వచ్చి ఆపారు. మూత లేని పెడల్, దాని మీద ఎవరిదో అరిగిన బూటు.

“ఈ ఫొటో నేల మీద పడుకుని తీశావా?”

“మోకాళ్ళ మీద కూర్చున్నాను సార్.”

“ఇరవై తొమ్మిదేళ్ళలో ఈ పెడల్‌ను ఎవరూ ఇంత దగ్గరగా చూపించలేదు. దీనికి మాటలక్కర్లేదు. ఇది ఉంచు. ముందుకు తీసుకురా.” కళ్ళజోడు తుడుచుకున్నారు. “ఇప్పుడు నీకు కష్టంగా ఉండేవి చెబుతాను. నీ పని చెడ్డదని కాదు. ఇది పైన నెగ్గాలని.”

“చెప్పండి.”

మొదటి స్లైడ్‌కు వెళ్ళారు. తెర నిండా పొడుగుది, ఆసుపత్రిలో కట్టు విప్పిన కుడిచెయ్యి. “ఇది తీసేయి. చూసినవాళ్ళు తల తిప్పుకుంటారు. తల తిప్పుకున్నవాళ్ళు నువ్వు చెప్పేది వినరు. అతన్ని అడిగావా?”

ఆమె తల అడ్డంగా ఊపింది. మొహం ఎర్రబడింది. ఆయన ఇరవై రెండేళ్ళుగా తప్పించుకు తిరుగుతున్నది ఈ మొహం నుంచే. అయినా ఆపలేదు.

“ఏం కావాలన్నది ఇప్పటికీ ఇరవయ్యో స్లైడ్‌లో ఉంది. అది మొదటిది కావాలి. చట్టాల స్లైడ్లు వెనక్కి పంపు, ఎవరైనా అడిగితే తీద్దువుగాని. శాతాలు వద్దు. ఇంత చిన్న అంకెలకు శాతం వేస్తే పెంచి చెబుతున్నావనుకుంటారు. పొడుగుతో కలిపి నలుగురికి దెబ్బలు తగిలాయని చెప్పు. నీ దగ్గరున్న నిజం చాలు.”

ఇక పాత నాలుగు ప్రెస్సుల దగ్గర ‘తగిన రక్షణ పరిశీలించాలి’ అని ఉంది. పరిశీలించాలి అంటే పెద్దాయన సరే పరిశీలించండి అంటారని, ఇంకో మూడు నెలలు గడుస్తాయని చెప్పారు. పాత కాగితం తిరగేసి బొమ్మ గీశారు. చుట్టూ గట్టి ఇనప జాలీ, ముందు రేకు మాత్రమే దూరేంత సందు, వేలు పట్టనంత. తయారైన బిళ్ళ వెనక నుంచి జారిపోయేలా వాలు. ఎక్కడైనా ఇరుక్కుంటే ప్రెస్సు ఆపి, పట్టకారుతోనే తీయాలి. పెడల్ పైన కప్పు. “కర్టెన్లు కొత్త రెండింటికీ అడుగు. ఈ జాలీలు మన వెల్డర్లే చేస్తారు. అడిగే ముందు మెయింటెనెన్స్ పెద్దకు చూపించు. మీటింగ్‌లో మొదటిసారి చూస్తే కాదంటాడు. ముందే చూపిస్తే తనే రెండు మార్పులు చెబుతాడు.”

ఆమె రాసుకుంటూ రాసుకుంటూ ఆగిపోయింది. బొమ్మ వైపు చూస్తూ అడిగింది.

“ఈ జాలీ సంగతి మీకెప్పటి నుంచి తెలుసు సార్?”

భార్య మాట చెవిలో మోగింది. నీళ్ళు నమలడానికి చోటు లేదు.

“ప్రెస్సు మీద ఉన్నప్పటి నుంచి.”

“అంటే పోయినసారి నేను చూపించినప్పుడు...”

“తెలుసు. కర్టెన్లు పనికిరావని తెలుసు. ఇరవై ఆరో స్లైడ్ దాకా వెళ్ళవనీ తెలుసు. నువ్వు బాధపడతావని చెప్పలేదు.” తనే దిద్దుకున్నారు. “అదీ అబద్ధమే. నీ బాధ నేను చూడాల్సి వస్తుందని చెప్పలేదు.”

ట్యూబ్‌లైటు చిన్నగా గుయ్‌మంటోంది. బయట పెట్టెలు ఈడుస్తున్న చప్పుడు. ఆమె పెన్ను మూత పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది.

“బాధపడితే ఏమయ్యేది సార్? ఒకపూట ఏడ్చేదాన్ని. ఏడ్చి, రాత్రికి రాత్రే మార్చుకునేదాన్ని.”

తప్పయిపోయిందనే మాట ఆయన నాలుక దాకా వచ్చింది గానీ, దానికి ఆమె పరవాలేదు అనాల్సి వస్తుందని మింగేశారు. ఆయన జీవితంలో చెప్పకుండా ఊరుకున్న మాటల్లో నేను మెచ్చుకునేది అదొక్కటే.

“తర్వాతి స్లైడ్ చూద్దాం” అంది ఆమె. స్టూలు లాక్కుని కూర్చుంది. కానీ ఆ క్షణం నుంచి ఆయన మొహం వైపు మాత్రం చూడలేదు.

నాలుగు రోజుల తర్వాత మీటింగ్‌కు, ప్రెస్సుల గురించి ఏదైనా అడిగితే చెప్పడానికని, ఆయన్నూ రమ్మన్నారు. వెనక గోడ పక్కన కూర్చున్నారు. ఐదే స్లైడ్లు. మొదటి దాని మీద పెడల్ ఫొటో, కింద ఆమె ఆ రోజు వెతుక్కుని చెప్పిన మాట. పెద్దాయన మెయింటెనెన్స్ పెద్ద వైపు తిరిగారు.

“ఇది అవుతుందా?”

“జాలీ అయితే అవుతుందండి. నిన్న చూశాను.”

“అయితే ఇవాళే ఆపేయండి.”

బాగుందిగారు గోడ గడియారం వైపు చూశారు. నాలుగు నిమిషాలు పట్టింది. మిగిలిన పదకొండు నిమిషాలూ ఆయన తల ఎత్తలేకపోయారు. గదిలో అందరి మొహాల్లోనూ పని అయిందన్న తేలిక. ఆయనకు మాత్రం ఆ నాలుగు నిమిషాలు గుండెలో మేకులా దిగబడ్డాయి. జాలీలు నాలుగూ తయారవడానికి తొమ్మిది రోజులు పట్టింది. నలభై ఒక్క రోజుల్లో తొమ్మిది ఎన్నిసార్లు పడుతుందో లెక్క వేయకుండా ఆయన ఒక్క రోజు కూడా నిద్రపోలేదు.

అమ్మాయి నమస్కారం మానలేదు. ఎదురుపడితే “సార్” అని తల వంచి వెళ్ళిపోయేది. లాప్‌టాప్ పట్టుకుని మాత్రం మళ్ళీ ఆ గదికి రాలేదు.

పొడుగు మూడు నెలలకు పనిలోకి వచ్చాడు, పనిముట్ల స్టోర్‌లోకి. ఎవరికి ఏ సైజు పనిముట్టు ఇవ్వాలో పుస్తకంలో రాయడం అతని పని. అదీ ఎడమచేత్తో. బాగుందిగారు ఆ స్టోర్ వైపు వెళ్ళకుండా పది రోజులు రకరకాల వంకలు పెట్టారు. పదకొండో రోజు కొలత పరికరం ఒకటి అరిగిపోయింది, వెళ్ళక తప్పలేదు.

కిటికీ వెనక పొడుగు వంగి రాస్తున్నాడు. కట్టు కట్టిన కుడిచెయ్యి ఒడిలో పెట్టుకున్నాడు. రాస్తుంటే పుస్తకం కలం వెంటే జరిగిపోతోంది. గడ్డంతో అంచు నొక్కిపెట్టి రాయడం ముగించి, పుస్తకం ఇటు తిప్పాడు.

“చూడండి సార్. రాత్రిళ్ళు కూర్చుని నేర్చుకుంటున్నా. ఎలా ఉంది?”

పేజీ నిండా పిల్లల రాతలాంటి పెద్ద పెద్ద అంకెలు. పొడుగు నవ్వుతున్నాడు. ఆయన నోటి నుంచి రాబోయే మాట ఏమిటో ఫ్యాక్టరీలో అందరిలాగే అతనికీ తెలుసు. అది వినడానికే అడిగాడు.

బాగుందిగారు పుస్తకం మీదికి వంగారు. ఒక్కో వరుసా వేలితో చూస్తూ వచ్చారు.

“మూడు, ఐదు, ఎనిమిది బాగా కుదిరాయి. చదవడానికి కష్టం లేదు. ఏడు మాత్రం ఒకటిలా ఉంది. ఇది చూసి పదిహేడు అడిగినవాడికి పదకొండు ఇస్తారు, అది ప్రెస్సులో బిగిస్తే ఊడి వస్తుంది.”

పొడుగు నవ్వు ఆగిపోయింది. పుస్తకం వైపు చూసుకున్నాడు. అలవాటు కొద్దీ కుడిచెయ్యి పైకి లేచి, మళ్ళీ ఒడిలోకి దిగింది. బాగుందిగారు చూపు తిప్పుకోలేదు.

“మళ్ళీ రాయనా?” అన్నాడు పొడుగు.

“రాయి.”

ఎడమచెయ్యి మెల్లగా ఒక ఏడు వేసింది. పుస్తకం పక్కకు జారింది. “ఇప్పుడు?”

“ఇంకా ఒకటిలాగే ఉంది.”

ఆయన కిటికీ పక్కనున్న తలుపు తీసుకుని లోపలికి వెళ్ళారు. నీతో చెప్పాల్సింది ఇంకొకటుంది, ఆ ప్రెస్సు సంగతి, ఇది అయ్యాక చెబుతాను, వినాలి అన్నారు. పొడుగు అర్థంకాక తలెత్తి చూశాడు. బాగుందిగారు అతని పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, పుస్తకం జరగకుండా రెండు చేతులతో అంచులు పట్టుకున్నారు.

“రాయి” అన్నారు.